డబ్బా మారితే చెంచా మారుతుంది

రెండు పాలపొడి డబ్బాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి డాలస్‌లో కొన్నది, రెండోది గుంటూరులో మందుల షాపు నుంచి తెచ్చింది. రెండింట్లోనూ ఉన్నది ఆవుపాల నుంచి తీసిన పొడే. కలిపిన పాలు 100 మిల్లీలీటర్లకు 60 నుంచి 70 కేలరీలు ఇవ్వాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు చెబుతాయి, రెండూ ఆ హద్దుల్లోనే ఉంటాయి. మాంసకృత్తులు, కొవ్వు, చక్కెర కూడా కొంచెం అటూఇటుగా అంతే. అయినా కొత్త డబ్బా తెరిచిన మూడో రోజుకి పాప కాళ్లు ముడుచుకుని ఏడుస్తుంది, విరేచనం రంగు మారుతుంది, లేదా రెండు రోజులు అసలు రాదు. "పాలు పడలేదే అమ్మాయ్, పాత డబ్బానే తెప్పించు" అంటుంది అమ్మమ్మ. పాత డబ్బా గుంటూరులో దొరకదు.

రెండూ ఒకే రకం పాలైనప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? కొంత పొడిలోంచే వచ్చింది. కానీ అంతకంటే పెద్ద కారణం చాలాసార్లు డబ్బాలో ఉండే ప్లాస్టిక్ చెంచా. పిల్లల పాలు మార్చడం గురించి ఇంట్లో జరిగే చర్చంతా ఏ బ్రాండు మంచిదన్న దాని చుట్టూ తిరుగుతుంది. చెంచా మాట ఎవరూ ఎత్తరు.

ముందే ఒక మాట చెప్పాలి. తల్లిపాలు అందుతున్న బిడ్డకు డబ్బా పాలు మొదలుపెట్టడం ఎలాగన్నది ఈ వ్యాసం విషయం కాదు. ఇప్పటికే డబ్బా పాల మీద ఉన్న, నెలలు నిండి పుట్టిన, ఆరోగ్యంగా ఉన్న బిడ్డను ఒక మామూలు ఆవుపాల పొడి నుంచి ఇంకో మామూలు ఆవుపాల పొడికి మార్చడం గురించే ఇక్కడి మాటలన్నీ. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకూ, బరువు తక్కువ ఉన్న పిల్లలకూ పాలు మార్చడం డాక్టరు పని.

కడుపులో ఏం మారుతుంది

పాలు కడుపులోకి చేరగానే ఆమ్లం తగిలి విరుగుతాయి. అందులో కేసీన్ అనే మాంసకృత్తు గడ్డకడుతుంది, వే అనేది ద్రవంగానే ఉండి త్వరగా పేగుల్లోకి జారిపోతుంది. ఆవుపాలలో కేసీన్ వాటా 80 శాతం దాకా ఉంటుంది. చిన్నపిల్లల పొడుల్లో చాలావాటిలో దాన్ని తల్లిపాలకు దగ్గరగా, 40 శాతానికి తగ్గిస్తారు. కొన్నింట్లో అంత తగ్గించరు. కేసీన్ ఎక్కువున్న పాలు కడుపులో ఎక్కువసేపు ఉంటాయి కాబట్టి పాప పాలడిగే వేళలు కొంచెం జరగవచ్చు. ఇది జబ్బేమీ కాదు.

విరేచనం గట్టిపడటానికి అసలు కారణం చాలావరకు కొవ్వులో ఉంది. కొవ్వు అణువు అంటే ఒక వెన్నుకు అంటుకున్న మూడు కొవ్వు ఆమ్లాలు. పేగుల్లోని ఎంజైము రెండు చివర్లలో ఉన్నవాటిని తెంపేస్తుంది, నడిమిది వెన్నుకు అంటుకునే ఉండి ఒంటికి పడుతుంది. తల్లిపాలలో పామిటిక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువభాగం ఈ నడిమి చోటులో ఉంటుంది. చాలా డబ్బాల్లో వాడే పామోలిన్ నూనెలో అదే ఆమ్లం చివర్లలో ఉంటుంది. తెగి విడిపోయిన పామిటిక్ ఆమ్లం పాలలోని కాల్షియంతో కలిసి కరగని సబ్బుగా మారుతుంది. బోరు నీళ్లలో సబ్బు రుద్దితే నురగ రాకుండా తెల్లటి తెట్టు కడుతుంది చూడండి, అక్కడ జరిగేదీ పేగులో జరిగేదీ ఒకటే రసాయన చర్య. ఆ తెట్టు విరేచనంలో కలిసి బయటికి పోతుంది, విరేచనం గట్టిపడుతుంది. పామోలిన్ లేని డబ్బా నుంచి పామోలిన్ ఉన్న డబ్బాకు మారిన బిడ్డకు మోషన్ గట్టిపడితే దానికి ఇదే కారణం కావచ్చు. డబ్బా వెనక నూనెల వరసలో పామోలిన్ పేరు ఉందా లేదా చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఆ పాల మీద ఉన్నంతకాలం విరేచనం కొంచెం గట్టిగానే ఉండవచ్చు. ముద్దలా మెత్తగా వస్తున్నంతవరకు ఫర్వాలేదు, మేకపెంటికల్లా గుండ్రంగా, ఎండిపోయినట్టు వస్తుంటేనే మలబద్ధకం.

మూడో తేడా పేగుల్లోని సూక్ష్మజీవుల దగ్గర వస్తుంది. కొన్ని పొడుల్లో ప్రీబయోటిక్ పీచు కలుపుతారు, డబ్బా మీద జీఓఎస్, ఎఫ్ఓఎస్ అని ఉంటుంది. పాపకు అది అరగదు, పెద్దపేగులోని బ్యాక్టీరియాకు మేత అవుతుంది. మేత కొత్తదైతే మొదటి కొన్ని రోజులు గ్యాసు ఎక్కువ పుడుతుంది, విరేచనం మెత్తబడుతుంది. పీచును ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా పంపితే ఈ గడబిడ తగ్గుతుంది.

ఇక చాలామంది అనుకునేదీ, నిజం కానిదీ ఒకటి ఉంది. కొత్త పాలకు పేగులు "అలవాటు పడి" కొత్త ఎంజైములు తయారు చేసుకోవాలని అంటారు. పాలలోని చక్కెరను, అంటే లాక్టోజును, విడగొట్టే లాక్టేజ్ ఎంజైము నెలలు నిండి పుట్టిన బిడ్డ పేగుల్లో పుట్టేనాటికే సిద్ధంగా ఉంటుంది. డబ్బా పేరు మారినంత మాత్రాన అది పెరగదు, తగ్గదు. 2022 ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్రంలోని స్టర్జిస్ పట్టణంలో అబాట్ కంపెనీ కర్మాగారం ఆగిపోయి, అమెరికా అంతటా పిల్లల పాలపొడి కరువొచ్చింది. లక్షల ఇళ్లలో ఏది దొరికితే అది కొన్నారు. ఒకే రకం పొడి అయితే చాలామంది పిల్లలు బ్రాండు మార్పును తట్టుకుంటారని అక్కడి పిల్లల డాక్టర్లు అప్పుడు చెప్పారు. ఇష్టపడని పిల్లలకు పాత పాలలో కొత్త పాలు కలుపుతూ రమ్మన్నారు. ఉన్న పొడి ఎక్కువ రోజులు రావాలని నీళ్లు ఎక్కువ కలపొద్దని మాత్రం గట్టిగా హెచ్చరించారు.

మరి నెమ్మదిగా మార్చడం ఎందుకు? బిడ్డ రుచికి అలవాటు పడటానికి, సూక్ష్మజీవులకు కాస్త వ్యవధి ఇవ్వడానికి. అన్నిటికంటే ముఖ్యంగా, తేడా వస్తే అది దేనివల్ల వచ్చిందో పెద్దవాళ్లకు కనబడటానికి. మూడు మార్పులు ఒకేరోజు చేసి నాలుగో రోజు విరేచనం పల్చనైతే, దేన్ని తప్పుపట్టాలో ఎవరికీ తెలియదు.

మార్చాల్సిన అవసరం ఉందా

మార్చడానికి నిజమైన కారణాలు కొన్నే. పాత డబ్బా దొరకకపోవడం, ఊరు మారడం, ధర భరించలేకపోవడం, డాక్టరు చెప్పడం. వీటిలో ఏదీ లేకపోతే మార్చకపోవడమే మంచిది.

పాప ఏడుస్తోందని మార్చేవాళ్లు ఎక్కువ. కారణం కనబడకుండా సాయంత్రాలు గుక్కపట్టి ఏడవడం పుట్టిన ఆరో వారం ప్రాంతంలో బాగా పెరుగుతుంది, మూడు నాలుగు నెలలు వచ్చేసరికి దానంతటదే తగ్గిపోతుంది. ఈ మధ్యలో ఇంట్లో రెండు మూడు డబ్బాలు మారతాయి. ఏడుపు తగ్గినప్పుడు చేతిలో ఏ డబ్బా ఉంటే దానికి ఆ ఘనత దక్కుతుంది, చుట్టాలందరికీ అదే సలహాగా వెళుతుంది. పాలు తాగాక కొంచెం కక్కడం, పచ్చగా మోషన్ అవడం కూడా విడిగా కనిపిస్తే మార్పుకు కారణాలు కావు. బిడ్డ బరువు పెరుగుతుంటే ఆ కక్కుడు బట్టలుతికే పని పెంచుతుంది, అంతే.

ఆరు నెలలు దాటగానే 2 అంకె ఉన్న డబ్బాకు మారి తీరాలన్న తొందర కూడా అక్కర్లేదు. మొదటి దశ పాలనే ఏడాది నిండేదాకా తాగించవచ్చని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. మన దేశంలో 1992 నాటి చట్టం ప్రకారం పిల్లల పాలపొడికి ప్రకటనలివ్వడం నేరం. ఆ చట్టం మంచిదే. కానీ దానివల్ల తల్లిదండ్రులకు డబ్బా మీది రాత తప్ప వేరే ఆధారం ఉండదు, ఆ రాత చదివేవాళ్లు తక్కువ.

డబ్బా దొరకలేదని గేదెపాలలోనో ఆవుపాలలోనో నీళ్లు కలిపి పట్టడం మాత్రం ఏడాదిలోపు బిడ్డకు వద్దు. వాటిలో ఇనుము చాలా తక్కువ, మాంసకృత్తులూ లవణాలూ లేత మూత్రపిండాలు మోయలేనంత ఎక్కువ. నీళ్లు పోసి లవణాలు తగ్గిస్తే కేలరీలు కూడా తగ్గిపోతాయి.

చెంచా కథ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన దేశంలో అమ్మే చాలా డబ్బాల్లో ఒక చెంచా పొడి 30 మిల్లీలీటర్ల నీటికి. అమెరికాలో అమ్మే చాలా డబ్బాల్లో ఒక చెంచా పొడి 2 ఔన్సుల నీటికి, అంటే సుమారు 60 మిల్లీలీటర్లకు. అక్కడి చెంచాలో పట్టే పొడి ఇక్కడి చెంచాకు దాదాపు రెట్టింపు. డాలస్‌లో నెలల తరబడి "180 నీళ్లు, మూడు చెంచాలు" అని చేతికి అలవాటైన తల్లి, గుంటూరులో కొత్త డబ్బా తెరిచి రాత్రి నిద్రమత్తులో మూడు చెంచాలే వేస్తుంది. చూడటానికి పాలు తెల్లగానే ఉంటాయి. కానీ బలం సగమే.

సగం బలం పాలు తాగిన బిడ్డకు ఏమవుతుందో వరసగా చూద్దాం. గంటకే ఆకలేస్తుంది, ఏడుస్తుంది, మళ్లీ పాలు పడతారు. రోజుకు 900 మిల్లీలీటర్లు తాగినా 600 కేలరీలకు బదులు 300 అందుతాయి. విరేచనాలు కొంచెం కొంచెంగా, పచ్చగా, జిగటగా రావచ్చు. కడుపులో ఆహారం సరిపోనప్పుడు అలా వస్తాయి. ఇంట్లోవాళ్లు అది చూసి పాలు పడలేదని ఇంకో డబ్బా తెస్తారు, దానికీ మూడు చెంచాలే వేస్తారు. ఇలాగే కొనసాగితే బరువు నిలిచిపోతుంది. అంతకంటే ప్రమాదం, ఒంట్లోకి నీరు ఎక్కువై రక్తంలో సోడియం పల్చబడటం. అది బాగా పడిపోతే బిడ్డ మగతగా అయిపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు.

తిరుగు ప్రయాణంలో పొరపాటు ఎదురు దిశలో జరుగుతుంది. ఇక్కడ 30కి ఒకటి అలవాటైన చేయి, డాలస్ చేరాక 180 నీళ్లకు ఆరు పెద్ద చెంచాలు వేస్తుంది. రెట్టింపు చిక్కటి పాలు పేగుల్లోకి చేరితే వాటిని పల్చబరచడానికి ఒంట్లోని నీరు పేగులోకి వస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి, కొందరికి వాంతులవుతాయి. లవణాలను బయటికి పంపడానికి మూత్రపిండాలకు ఎక్కువ నీరు కావాలి, ఆ నీరు ఇప్పటికే పేగుల పాలైంది. దాహంతో బిడ్డ ఏడిస్తే ఆకలనుకుని మళ్లీ అవే పాలు పడతారు. వేసవిలో ఇది ఒకటి రెండు రోజుల్లోనే ఆసుపత్రి దాకా తీసుకెళ్లగలదు.

అందుకే మూడు సంగతులు పట్టుకోవాలి. ఏ డబ్బా చెంచా ఆ డబ్బాకే, పాత చెంచాతో కొత్త పొడి కొలవకూడదు. సీసాలో ముందు నీళ్లు కొలిచి పోయాలి, తర్వాతే పొడి వెయ్యాలి. పొడి వేశాక నీళ్లు గీత దాకా నింపితే నీరు తగ్గి పాలు చిక్కబడతాయి. చెంచాను గోపురంలా నింపకుండా, కుక్కకుండా, శుభ్రమైన చాకు వెనకవైపుతో పైన గీసి సమం చెయ్యాలి. ఒకే కంపెనీ డబ్బాలైనా 1, 2 అంకెలకు చెంచా ఒకటేనన్న హామీ లేదు, ప్రతి కొత్త డబ్బా మీదా ఉన్న పట్టిక చదవాల్సిందే.

ఒక పాప, రెండు డబ్బాలు

డాలస్ నుంచి గుంటూరు అమ్మమ్మగారింటికి వచ్చిన నాలుగున్నర నెలల పాపను ఉదాహరణగా తీసుకుందాం. బరువు 6 కిలోలు. ఈ వయసులో కిలోకు రోజుకు 150 మిల్లీలీటర్ల పాలు అన్నది డాక్టర్లు వాడే సుమారు లెక్క. అంటే రోజుకు 900, 180 చొప్పున ఐదు సీసాలు.

విమానం దిగిన రోజే కొత్త డబ్బా తెరవకూడదు. డాలస్‌కూ మనకూ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. పాపకు పగలు రాత్రి తారుమారై అర్ధరాత్రి ఆడుకుంటుంది, మధ్యాహ్నం పాలకు లేవదు. ఆ వారంలో వచ్చే ఏడుపు నిద్రదా పాలదా చెప్పలేం. టీకా వేయించిన వారం, జ్వరమో విరేచనాలో ఉన్న వారం, ఆరు నెలలప్పుడు కొత్తగా అన్నం ముద్ద మొదలుపెట్టిన వారం కూడా ఇలాంటివే. పాలు మార్చే సమయంలోనే కొత్త పాలపీక, గ్రైప్ వాటర్, వాము నీళ్లు మొదలుపెట్టకూడదు. మొదటి వారం పాత పాలే పట్టాలి కాబట్టి డాలస్ నుంచే పాత పొడి కొంచెం తెచ్చుకోవాలి. మొదటి వారానికి రోజుకు 15 పెద్ద చెంచాల చొప్పున 105, తర్వాతి ఆరు రోజుల మార్పుకు 45, మొత్తం 150 చెంచాలు. ఒక పెద్ద చెంచాలో 9 గ్రాములకు కాస్త తక్కువగా పడుతుంది కాబట్టి 1.3 కిలోలు. ఒలికేది, పారబోసేది కలుపుకుని కిలోన్నర తెచ్చుకుంటే నిశ్చింత.

నిద్ర ఒక దారికి వచ్చాక మార్పు మొదలుపెట్టాలి. చెంచాల కొలత వల్ల ఇక్కడ పాలను మూడు వాటాలుగా విడగొట్టడం తేలిక.

> సీసా లెక్క: 180 మి.లీ. నీళ్లు, ఐదు సీసాలకూ ఇదే
>
> 1 నుంచి 3 రోజులు: ఒక సీసాలో 120 నీళ్లకు 2 పెద్ద చెంచాల పాత పొడి. ఇంకో సీసాలో 60 నీళ్లకు 2 చిన్న చెంచాల కొత్త పొడి. రెండూ విడివిడిగా కలిపి, తర్వాత ఒకదాంట్లో పోయాలి.
>
> 4 నుంచి 6 రోజులు: 60 నీళ్లకు 1 పెద్ద చెంచా పాతది. 120 నీళ్లకు 4 చిన్న చెంచాల కొత్తది.
>
> 7వ రోజు నుంచి: 180 నీళ్లకు 6 చిన్న చెంచాల కొత్తది మాత్రమే.
>
> మీ డబ్బాల మీది కొలత వేరైతే ఈ అంకెలు పనికిరావు. పద్ధతి మాత్రం అదే: దేని పాలు దాని కొలతతో తయారుచేసి, పాలను కలపాలి, పొడులను కాదు.

పొడులను ఎందుకు కలపకూడదు? రెండు చెంచాల్లో రెండు బరువులు పడతాయి కాబట్టి ఒకే సీసాలో "రెండు అది, రెండు ఇది" అని వేస్తే లెక్క తప్పడం ఖాయం. విడిగా చేసిన పాలు రెండూ సరైన బలంతో ఉంటే, ఏ వాటాలో కలిపినా వచ్చేది సరైన బలమే.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. రాత్రి రెండు గంటలకు రెండు డబ్బాలు, రెండు చెంచాలు, రెండు సీసాలు పట్టుకుని కూర్చోవడం అందరి వల్లా కాదు. ఇంట్లో పాలు కలిపేవాళ్లు ముగ్గురు నలుగురు ఉంటే నా సలహా ఇంకోటి. మొదటి రెండు రోజులు ఐదు సీసాల్లో ఒకటి మాత్రం పూర్తిగా కొత్త పాలతో ఇవ్వండి. అదీ ఉదయం పది గంటల సీసా. ఏదైనా తేడా వస్తే పట్టపగలు, అందరూ మేలుకుని ఉండగా కనబడుతుంది. తర్వాత రెండు రోజులకో సీసా చొప్పున పెంచుతూ, రాత్రి సీసాను చివరికి మార్చండి. తొమ్మిదో రోజుకు మొత్తం కొత్తవే అవుతాయి. దీనికి పాత పొడి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. రుచి పట్టింపు ఉన్న బిడ్డకు మొదటి పద్ధతి మేలు, పొరపాట్లు జరిగే ఇంటికి రెండోది మేలు.

మధ్యలో గ్యాసు ఎక్కువైతే వెనక్కి తగ్గాల్సిన పని లేదు. ఉన్న మెట్టు మీదే ఇంకో రెండు మూడు రోజులు ఆగి, తర్వాత ముందుకు వెళితే చాలు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాలపొడి సూక్ష్మజీవులు లేని పదార్థం కాదు. క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా పొడిలో బతికి ఉండగలదు, స్టర్జిస్ కర్మాగారం ఆగడానికి కారణం కూడా దాని భయమే. అందుకే మరిగించిన నీళ్లు 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో సూచించింది. లీటరు నీళ్లు మరిగించి దించాక అరగంట లోపు వాడితే ఆ వేడి ఉంటుంది. కలిపాక మూత బిగించి సీసాను కుళాయి కింద చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని పట్టాలి. రెండు గంటల్లో తాగనివీ, తాగగా మిగిలినవీ పారబోయాలి. రెండు సీసాలుగా కలిపే ఈ ఆరు రోజుల్లో పాలు మిగలడం ఎక్కువ, దాచిపెట్టాలన్న ఆశ కూడా ఎక్కువే.

ఏది మామూలు, ఏది కాదు

మొదటి వారంలో విరేచనం రంగు పసుపు నుంచి ఆకుపచ్చకో గోధుమకో తిరగడం, రోజుకు మూడుసార్లు అయ్యేది ఒకసారో, రెండు రోజులకోసారో అవడం, వాసన మారడం మామూలే. ఎర్రగా కందిపోయి ముక్కుతూ చివరికి మెత్తటి మోషన్ చేసే బిడ్డకు మలబద్ధకం లేదు. ముక్కడమూ కిందిభాగం వదులు చేయడమూ ఒకేసారి చేయడం ఇంకా చేతకాలేదంతే. కొన్ని వారాల్లో దానంతటదే వస్తుంది, సబ్బు ముక్కలూ తమలపాకు కాడలూ అక్కర్లేదు.

పాలు పడుతున్నాయో లేదో తెలుసుకోవడానికి మోషన్ కంటే నమ్మదగ్గవి రెండున్నాయి. ఒకటి మూత్రం. రోజుకు ఆరు డైపర్లు బాగా తడుస్తుంటే ఒంటికి నీరు సరిపోతున్నట్టే. రెండోది బరువు. మూడు నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ వారానికి 100 గ్రాములకు పైగా పెరగడం సాధారణం. మార్పు మొదలుపెట్టే రోజున ఒకసారి, రెండు వారాల తర్వాత అదే తూకం మీద ఇంకోసారి తూచితే, చెంచా లెక్క తప్పిందో లేదో బయటపడుతుంది. మోషన్ చక్కగా ఉన్నా బరువు పెరగకపోతే ముందు అనుమానించాల్సింది కలిపే తీరును.

> నెమ్మదిగా కాదు, వెంటనే
>
> విరేచనంలో నెత్తురు, ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, పాలు పట్టిన ఒకటి నుంచి నాలుగు గంటల్లో వరసగా వాంతులై బిడ్డ పాలిపోయి వేలాడిపోవడం: ఇవి ఆవుపాల మాంసకృత్తుకు అలర్జీ కావచ్చు. ఆ పాలు ఆపి డాక్టరుకు చూపించాలి. అలర్జీ ఉన్న బిడ్డకు ఇంకో ఆవుపాల బ్రాండు పరిష్కారం కాదు. డాక్టరు రాసే ప్రత్యేక పొడికి సాధారణంగా ఒక్కసారిగానే మారాలి. పాతదాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తే అలర్జీ అంతకాలం కొనసాగుతుంది. ఆ పొడి చేదుగా ఉంటుంది, దానితో విరేచనం పచ్చగా, ఘాటు వాసనతో రావడం మామూలు.
>
> ఊపిరి కష్టంగా తీయడం, పచ్చటి వాంతి, తడిసిన డైపర్లు బాగా తగ్గడం, మాడు లోపలికి గుంట పడటం, ఎడతెగని నీళ్ల విరేచనాలు, మగత, ఫిట్స్: ఇవి కనిపిస్తే ఏ పాలన్న చర్చ లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

విరేచనాలు పట్టుకుని తగ్గిన తర్వాత చాలా ఇళ్లలో లాక్టోజ్ లేని పొడి కొని తెస్తారు. విరేచనాలతో పేగు లోపలి పొర దెబ్బతింటే లాక్టేజ్ కొన్నాళ్లు తగ్గే మాట నిజమే, కానీ ఎక్కువమంది పిల్లలకు ఆ పొర దానంతటదే బాగవుతుంది, పాత పాలే కొనసాగించవచ్చు. నీళ్ల విరేచనాలు రోజుల తరబడి ఆగకపోతేనే డాక్టరు కొన్ని వారాలకు ఆ పొడి రాస్తారు. ఆ వారాలు గడిచాక దాన్ని ఆపి మామూలు పాలకు తిరిగి రావాలని చాలామంది మరిచిపోతారు.

కొత్త పాలు పడటం లేదనిపించి డాక్టరు దగ్గరికి వెళితే రెండు డబ్బాలనూ, వాటి చెంచాలనూ, వాడుతున్న సీసానూ వెంట తీసుకెళ్లండి. వీలైతే రాత్రిపూట పాలు కలిపే మనిషిని కూడా తీసుకెళ్లి, కలిపే తీరును డాక్టరు ముందు ఒకసారి చేసి చూపించమనండి.